సెల్‌ఫోనుతో కంటిచూపు పరీక్ష

సెల్‌ఫోనుతో కంటిచూపు పరీక్ష అనగా స్మార్ట్‌ఫోనులోని ఆప్ ద్వారా గానీ, అంతర్జాలంలోని పరీక్ష పేజీ ద్వారా గానీ తెరపై అక్షరాలను చూపి చూపు ఎంత స్పష్టంగా ఉన్నదో కొలిచే పద్ధతి. ఇది ప్రధానంగా కొలిచేది దృశ్య తీక్షణతను, అంటే నిర్ణీత దూరం నుండి గుర్తించగలిగిన అతి చిన్న అక్షరం పరిమాణాన్ని. కంటి ఆరోగ్యంలో ఇది ఒక భాగం మాత్రమే. అక్షరం పరిమాణం, చూసే దూరం రెండూ సరిగా ఉన్నప్పుడే ఈ పరీక్ష ఫలితానికి అర్థం ఉంటుంది.

== సూత్రం ==

నేత్రవైద్యుల గదిలో గోడకు వేలాడే చార్టును 1862లో డచ్చి వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించాడు. ఒక డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు. చార్టులో 6/6 వరుసలోని అక్షరం 6 మీటర్ల దూరం నుండి చూసినపుడు కంటి వద్ద 5 నిమిషాల కోణం చేస్తుంది. దీనికోసం ఆ అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. 6/12 చూపు గల వ్యక్తి 6 మీటర్ల దూరంలో చదవగల అక్షరాన్ని సాధారణ చూపు గలవారు 12 మీటర్ల నుండి చదవగలరు.

దూరం తగ్గితే అక్షరాన్ని అదే నిష్పత్తిలో చిన్నది చేయాలి. 2 మీటర్ల దూరానికి 6/6 అక్షరం ఎత్తు 2.9 మిల్లీమీటర్లు, 40 సెంటీమీటర్లకు 0.58 మిల్లీమీటర్లు అవుతుంది. ఆప్‌లు చేసే లెక్క ఇదే. చాలా ఆప్‌లలో మూడు పళ్ళ దువ్వెనవలె ఉండే ఇంగ్లీషు ‘ఇ’ అక్షరాన్ని నాలుగు దిక్కులకు తిప్పి చూపుతారు. పళ్ళు ఎటువైపు ఉన్నాయో చూపితే చాలు కనుక చదువురానివారిని, చిన్న పిల్లలను కూడా పరీక్షించవచ్చు.

== అక్షరం పరిమాణం ==

ఆప్ సాధారణంగా ఫోను తెర కొలతలను స్వయంగా తెలుసుకొంటుంది. కంప్యూటరులో అలా తెలియదు కాబట్టి చాలా పేజీలు బ్యాంకు కార్డును తెరపై ఆనించి, బొమ్మను దానితో సమానం చేయమని అడుగుతాయి. అన్ని దేశాల్లోనూ కార్డు వెడల్పు 85.6 మిల్లీమీటర్లే కావడం ఇందుకు కారణం. ఆ తరువాత పేజీని పెద్దది లేదా చిన్నది చేస్తే ఫలితం చెడిపోతుంది.

దీనిని సరిచూసుకోవడానికి స్కేలు చాలు. 6/60 అక్షరం 6/6 అక్షరానికి పదింతలు ఉంటుంది. అందువల్ల 2 మీటర్ల పరీక్షలో దాని ఎత్తు 29 మిల్లీమీటర్లు ఉండాలి. స్కేలుతో కొలిచినపుడు గుర్తించదగిన తేడా కనిపిస్తే ఆ పరీక్ష ఇచ్చే అంకెను నమ్మరాదు.

తెర స్వభావం వల్ల మరొక ఇబ్బంది ఉన్నది. మిల్లీమీటరుకు సుమారు 16 చుక్కలు గల ఫోనులో 2 మీటర్ల 6/6 అక్షరానికి 46 చుక్కల ఎత్తు దొరుకుతుంది. అక్షరం గీత మందం ఎత్తులో అయిదో వంతు, అంటే దాదాపు 9 చుక్కలు. ఇది చాలినంత. అదే అక్షరాన్ని 40 సెంటీమీటర్ల పరీక్షకు గీస్తే గీతకు రెండు చుక్కలు కూడా రావు. అప్పుడు అంచులు అలుక్కుపోయి అక్షరం తన ఆకారాన్ని కోల్పోతుంది.

== దూరం ==

పరీక్షలో ఎక్కువగా జరిగే పొరపాటు దూరానికి సంబంధించినది. ఫోను 40 సెంటీమీటర్ల దూరంలో ఉండవలసినపుడు చేయి కొద్దిగా వంగి 30 సెంటీమీటర్లకు వచ్చిందనుకొందాం. అక్షరం కంటికి మూడో వంతు పెద్దదిగా కనిపిస్తుంది. నిజానికి 6/8 చూపు గల వ్యక్తికి ఆప్ 6/6 అని చూపుతుంది. అంటే చార్టులో ఒక వరుసకు మించిన తేడా. 2 మీటర్ల పరీక్షలో అదే 10 సెంటీమీటర్ల పొరపాటు జరిగితే తేడా 5 శాతం మాత్రమే. కనుక చేతిలో పట్టుకొని చేసే పరీక్ష కన్నా, ఫోనును మరొకరు పట్టుకోగా టేపుతో కొలిచిన దూరంలో కూర్చొని చేసే పరీక్ష మేలు.

దూరం విషయంలో ఇంకా ముఖ్యమైనది హ్రస్వదృష్టి. ఉదాహరణకు మైనస్ 2.5 పవరు గల విద్యార్థికి 40 సెంటీమీటర్ల వరకు ఉన్న వస్తువులు అద్దాలు లేకుండానే స్పష్టంగా కనిపిస్తాయి, ఆపైన మసకబారుతాయి. చేతిలో ఫోను పట్టుకొని పరీక్షించుకొంటే అతడు చివరి వరుస వరకు చదివేస్తాడు. తరగతిలో నల్లబల్లపై రాసినది మాత్రం అతనికి కనిపించదు. 2 మీటర్ల పరీక్షలో ఈ విద్యార్థి దొరికిపోతాడు. కానీ మైనస్ 0.5 పవరు గలవారికి 2 మీటర్ల వరకు స్పష్టంగా కనిపిస్తుంది కనుక ఆ పరీక్ష కూడా వారిని గుర్తించలేదు. ఇందుకు విరుద్ధంగా, చత్వారం వచ్చినవారు దూరపు చూపు బాగానే ఉన్నా దగ్గరి అద్దాలు లేకుండా చేసే 40 సెంటీమీటర్ల పరీక్షలో తప్పుతారు.

== కచ్చితత్వం ==

పైన చెప్పిన నియమాలు పాటించినపుడు ఫోను పరీక్ష చార్టుకు చాలా దగ్గరగా వస్తుంది. కెన్యాలోని నకూరు ప్రాంతంలో నేత్రవైద్యుడు ఆండ్రూ బాస్టవ్రస్ బృందం పీక్ అక్యూయిటీ అనే ఆప్‌ను పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించింది. ఆప్‌కు, పరిశోధనలలో ప్రామాణికంగా వాడే చార్టుకు మధ్య సగటు తేడా చార్టులోని ఒక వరుస కంటే తక్కువగా తేలింది. అయితే అక్కడ రోగి తనను తాను పరీక్షించుకోలేదు. ఫోనును పరీక్షకుడు పట్టుకొన్నాడు, రోగి చేతితో దిక్కు చూపగా పరీక్షకుడు తెరపై వేలు జరిపాడు. ఇంట్లో ఒంటరిగా చేసుకొనే పరీక్షకు ఈ ఫలితం యథాతథంగా వర్తించదు.

ఇంట్లో పరీక్షించినపుడు రెండో కంటిని వేళ్ళ సందుల్లోంచి చూడడం, కళ్ళు చిట్లించడం, తెరపై దీపపు కాంతి పడడం వల్ల కూడా ఫలితం మారుతుంది. కన్ను చిట్లించినపుడు సన్నని సందులోంచి వచ్చే కాంతి మసకను తగ్గిస్తుంది కనుక లేని చూపు ఉన్నట్లు తేలుతుంది. ఒక్కొక్క కంటినీ విడిగా, వేళ్ళతో కాక అరచేతితో నొక్కకుండా మూసి పరీక్షించాలి. లేనిపక్షంలో ఒక కంటిలోని మాంద్యాన్ని రెండో కన్ను దాచేస్తుంది. సోమరి కన్ను గల పిల్లల విషయంలో ఇది ముఖ్యం.

== పరిమితులు ==

చూపు తగ్గిందని ఆప్ చెప్పగలదు గానీ, ఎందుకు తగ్గిందో చెప్పలేదు. 6/18 అని వచ్చిన ఫలితానికి కారణం హ్రస్వదృష్టి కావచ్చు, శుక్లం కావచ్చు, రెటీనా వ్యాధి కావచ్చు. తీక్షణతను కొలవడం వేరు, అద్దాల పవరును నిర్ణయించడం వేరు. అమెరికాలో ఆప్టర్నేటివ్ అనే సంస్థ అంతర్జాలంలో అందించిన దృష్టి పరీక్షకు అనుమతి లేదని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరిక లేఖ పంపింది. తరువాత విజిబ్లీగా పేరు మార్చుకొన్న ఆ సంస్థ పరీక్షకు 2022లో అనుమతి లభించింది. అది కూడా తీక్షణతను కొలిచి నేత్రనిపుణులకు సాయపడేందుకు మాత్రమే.

6/6 ఫలితం వచ్చినంత మాత్రాన కన్ను ఆరోగ్యంగా ఉన్నదని చెప్పలేము. నీటికాసుల వ్యాధిలో సాధారణంగా మొదట పక్కచూపు దెబ్బతింటుంది. అక్షరాలు చదివే మధ్యచూపు చివరి దశ వరకు నిలిచి ఉండవచ్చు. మధుమేహం వల్ల రెటీనా దెబ్బతింటున్నా తొలిదశలో రోగి అన్ని వరుసలూ చదవగలడు. ఈ రెండింటిని గుర్తించాలంటే కంటి లోపలి భాగాన్ని చూడాలి, నీటికాసులకు కంటి పీడనాన్ని కూడా కొలవాలి. పిల్లలలో దీర్ఘదృష్టి ఉన్నా కంటి కటకం సర్దుకొనే శక్తి వల్ల పరీక్షలో బయటపడకపోవచ్చు.

అకస్మాత్తుగా చూపు తగ్గడం, మెరుపులు కనిపించడం, నల్లని చుక్కలు ఒక్కసారిగా పెరగడం, చూపులో ఒక పక్క తెర దించినట్లు ఉండడం వంటి లక్షణాలు ఉన్నపుడు ఆప్ ఫలితం ఏదైనప్పటికీ వెంటనే నేత్రవైద్యుని సంప్రదించాలి. రెటీనా ఊడిపోయిన తొలి గంటల్లో మధ్యచూపు ఇంకా 6/6గానే ఉండవచ్చు. చూపును కాపాడగలిగే సమయం కూడా అదే.