దమాందేకి డిమాండంత కోపం లేదు
రెండు రాత్రుల బుకింగ్‌ని లియోన్‌లో ఒక హోటల్ ఒక్క రాత్రికే రాసుకుని, రెండో రాత్రికి ఎక్కువ రేటు వసూలు చేసింది. తేడా డబ్బు అడుగుతూ ఫ్రెంచిలో మెయిల్ రాసిన మిత్రుడు ‘దమాందే’ అనే క్రియ దగ్గర జంకాడు, డిమాండ్ చేసినట్టుంటుందని. అనవసర భయం. లాటిన్‌లో అప్పగించడమనే అర్థమున్న ‘దేమందారే’ ఫ్రెంచిలో మామూలు ‘అడగడం’ అయింది. ఇంగ్లిషులో గట్టిపడి, మన ధర్నా శిబిరాల్లో ‘డిమాండ్ల సాధన’గా దిగింది, బజార్లో మాత్రం గిరాకీయే. ఫ్రెంచివాళ్లు నిజంగా పట్టుబడితే ‘ఎగ్జిజే’ అంటారు. మొదటి మెయిల్‌కి అది మరీ ఘాటు. బుకింగ్ నంబరు, కన్ఫర్మేషన్ కాపీ జతచేసి, ‘8 రోజుల్లోగా’ అని గడువు పెడితే దమాందే చాలు. అన్నట్టు, వాళ్ల వాడుకలో 8 రోజులంటే వారమే.