కుంచం నుంచి ఫోన్ దాకా: నాట్ల కూలి లెక్క

కాలువలకు నీళ్లు వదిలారంటే గోదావరి డెల్టాలో అందరి పొలాలకూ ఒకేసారి తొందర. నారు ముదరకముందే, అంటే పోసిన 25, 30 రోజుల్లోపే పీకి నాటేయాలి. ఎకరం నాటడానికి ఎనిమిది నుంచి పన్నెండు మంది కావాలి. ఆ రెండు మూడు వారాలు ఇంటి మనుషులతో గడిచేవి కావు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు సాగినకొద్దీ ఈ ఒత్తిడి పెరిగింది. ఉత్తర కోస్తా నుంచి కూలీలు సీజనుకు డెల్టాకు వలస రావడమూ అలవాటైంది.

కూలి ముందే తేల్చుకోవాలన్న మాట మాత్రం కాలువల కన్నా చాలా పాతది. కూలి ఒప్పందం ఇరుగుపొరుగుకు తెలిసి ఉండాలంటుంది కౌటిల్యుడి అర్థశాస్త్రం. ముందుగా కూలి మాట్లాడుకోకపోతే సేద్యం చేసినవాడికి పంటలో పదో వంతు ఇవ్వాలని కూడా అందులో ఉంది. అంటే బేరం తేలకపోయినా కూలి ఎగ్గొట్టే వీల్లేదు.

మన ఊళ్లలో చాలాకాలం కూలి అంటే గింజలే. పొద్దు గూకాక వడ్లు కొలిచి ఒడిలో పోసేవారు. నాలుగు మానికలైతే కుంచం, నాలుగు కుంచాలైతే తూము. బియ్యం ధర పెరిగినా కూలీ ఇంట్లో కుండకు లోటు రాకపోవడం ఈ పద్ధతిలోని మేలు. చిక్కంతా కొలపాత్ర దగ్గరే. కుంచం ఊరికో తీరు. తలగొట్టి కొలిస్తే ఒక లెక్క, గోపురం కట్టి పోస్తే ఇంకో లెక్క. రేటు మారకుండానే కూలి తగ్గిపోవచ్చు, ఆ కొలత ఉన్నది ఆసామి చేతిలో.

తెలంగాణలో అసలు కొలతే లేని పని కూడా ఉండేది. వెట్టి కింద పిలిస్తే నాట్లకైనా కోతలకైనా సొంత పొలం వదిలి వెళ్లాల్సిందే. 1930లో జోగిపేటలో తొలిసారి కూడిన ఆంధ్ర మహాసభ తర్వాతి కాలంలో వెట్టిని పెద్ద సమస్యగా ఎత్తుకుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వెట్టి రద్దుతోపాటు కూలి రేట్ల పెంపు కూడా ప్రధాన డిమాండు అయింది.

స్వాతంత్ర్యం తర్వాత చట్టం పొలంలోకి వచ్చింది. 1948 కనీస వేతనాల చట్టం వ్యవసాయాన్నీ కలుపుకుంది. 1976 సమాన వేతన చట్టం ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ ఇవ్వరాదంది. కాగితం మీద ఈ మాట తేలిగ్గానే ఉంది. పొలంలో మాత్రం నారు మోసి చల్లేది మగవాళ్లు, నాటేది ఆడవాళ్లు. పని వేరు కాబట్టి రేటు వేరన్న వాదనతో తేడా నిలిచిపోయింది.

గింజల స్థానంలోకి డబ్బు వచ్చాక రోజు కూలి పక్కన గుత్త బలపడింది. పదిమంది ముఠా, వాళ్లకో మేస్త్రి, ఎకరానికి ఇంత అని బేరం. ఉదాహరణకు ఎకరం గుత్త 4,500 రూపాయలు అనుకుందాం. పదిమంది రోజులో ఎకరన్నర నాటితే 6,750 వస్తుంది, తలకు 675. మధ్యాహ్నం వాన ముంచి ఒక్క ఎకరమే పూర్తయితే తలకు 450 మిగులుతుంది. రోజు కూలి పద్ధతిలో ఆ వాన నష్టం ఎవరిదన్నది సాయంత్రం గట్టు మీద గొడవ. గుత్తలో అది చెప్పకుండానే ముఠా నెత్తిన పడుతుంది.

ఆసామికీ ఒక భయం ఉంది. గుత్త ముఠా త్వరగా తేల్చాలని దూరదూరంగా నాటేస్తుంది. 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్ల ఎడంతో నాటితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు రావాలి. మీటరు పొడవు కర్రలు నాలుగు కట్టి చట్రం చేసి, మడిలో రెండు మూడు చోట్ల పెట్టి లెక్కిస్తే సంగతి తెలుస్తుంది. అయితే ఆ లెక్క ముఠా పొలంలో ఉన్నప్పుడే చూడాలి. డబ్బు చేతికి వచ్చి ముఠా పక్క ఊరు దాటాక లెక్కపెట్టి లాభం లేదు. అందుకే తెలిసిన ఆసాములు కుదుళ్ల లెక్క, నారు ఎవరు పీకాలి, తిండి, ఆటో ఖర్చు ఎవరిది అన్నవి పొద్దున్నే మేస్త్రితో మాట్లాడేస్తారు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలై ఇంకో పద్ధతి చూపింది. తవ్విన మట్టిని కొలిచి, మస్టర్‌లో రాసి కూలి కడతారు. కొలత పారదర్శకమే, కానీ డబ్బుకు పదిహేను రోజుల గడువు. రోజు గడిస్తేనే పొయ్యి వెలిగే ఇంటికి ఆ గడువు బరువైంది. 2019 వేతనాల కోడ్ ఈ విషయంలో పాత పల్లె అలవాటుకే వచ్చింది: రోజు కూలికి ఆ షిఫ్టు ముగియగానే చెల్లించాలంటుంది.

ఇప్పుడు చాలా చోట్ల ఆ చెల్లింపు ఫోన్‌లో జరుగుతోంది. ఆసామి మొత్తం డబ్బు మేస్త్రి ఖాతాకు పంపుతాడు. ఎంత పంపాడో ఎప్పుడు పంపాడో రికార్డు ఉంటుంది, మేస్త్రి నుంచి తలకు ఎంత దక్కిందో అందులో ఉండదు. అందుకే ఆటో ఎక్కేముందు ముఠా గట్టు మీద కూర్చుంటుంది. ఒకరు ఎకరాలు చెబుతారు, ఒకరు మనుషుల్ని లెక్కపెడతారు, మేస్త్రి ఫోన్ తెరిచి అందరికీ చూపిస్తుంది.