ప్రవాస భారతీయుల ఓటు: హక్కు, విధానం, వాదాలు

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి సుమారు 1,19,000 మంది ప్రవాస భారతీయుల పేర్లు మన ఓటర్ల జాబితాలో ఉన్నాయి. వారిలో ఓటు వేసినవారు మూడు వేల మంది కూడా లేరు. వేసినవారిలో అత్యధికులు కేరళకు చెందినవారే. హక్కు ఉన్నా ఇంత తక్కువ మంది ఎందుకు వినియోగించుకున్నారు? దీనికి జవాబు మన ఎన్నికల చట్ట చరిత్రలో దొరుకుతుంది.

1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటును నివాసంతో ముడిపెట్టింది. ఒక నియోజకవర్గంలో ‘సాధారణ నివాసి’ అయినవారికే అక్కడి జాబితాలో చోటు. విదేశానికి తరలిపోయిన వ్యక్తి ఆ అర్హతను కోల్పోయేవాడు. అయితే సైనికులకూ, విదేశాలలో పనిచేసే ప్రభుత్వోద్యోగులకూ అదే చట్టం మినహాయింపు ఇచ్చింది. వారు ఎక్కడ ఉన్నా సొంత ఊరి నివాసులుగానే పరిగణించింది. వారికి తపాలా ఓటు ఉండేది. అంటే ఒకే విదేశీ నగరంలో మన రాయబార కార్యాలయ ఉద్యోగికి ఓటు ఉండేది, భవన నిర్మాణ కూలీకి ఉండేది కాదు. ఈ తేడాను గుర్తుంచుకోండి. తర్వాతి చర్చకు ఇదే మూలం.

2010లో పార్లమెంటు ఈ చట్టానికి 20ఎ సెక్షన్‌ను చేర్చింది. 2011 ఫిబ్రవరిలో అది అమలులోకి వచ్చింది. ఉద్యోగం, చదువు వంటి కారణాలతో విదేశంలో ఉంటూ, అక్కడి పౌరసత్వం తీసుకోని భారత పౌరులకు దీనివల్ల ఓటు హక్కు లభించింది. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పొందినవారు భారత పౌరులు కారు కాబట్టి వారికి ఈ హక్కు వర్తించదు. ఈ రెండింటినీ చాలామంది కలిపి పొరబడుతుంటారు.

విధానం ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూద్దాం. జగిత్యాల నుంచి దుబాయికి వెళ్లిన తాపీ మేస్త్రీ ఒకరు ఉన్నారనుకోండి. ఆయన 6ఎ ఫారం నింపి, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు జతచేయాలి. పాస్‌పోర్టులో ఉన్న స్వదేశీ చిరునామా ఏ నియోజకవర్గంలోకి వస్తే అక్కడే ఆయన పేరు నమోదవుతుంది. ఇదంతా దుబాయి నుంచే చేసుకోవచ్చు. కాని ఓటు వేయాలంటే పోలింగు రోజున ఆయన స్వయంగా జగిత్యాల పోలింగు కేంద్రానికి వచ్చి అసలు పాస్‌పోర్టు చూపించాలి. యజమాని సెలవు ఇవ్వాలి, విమాన ఖర్చులు భరించాలి, ఆ రోజుల జీతం వదులుకోవాలి. పేరు నమోదుకు దూరం అడ్డుకాలేదు గాని, ఓటు వేయడానికి అడ్డయింది. మొదట చూసిన అంకెలకు ప్రధాన కారణం ఇదే.

విదేశం నుంచే ఓటు వేయనివ్వాలనేవారి వాదం ఇది: గల్ఫ్ దేశాలలో ఎన్నేళ్లు పనిచేసినా మన కార్మికులకు సాధారణంగా అక్కడి పౌరసత్వం రాదు. ఇక్కడా ఓటు వేయలేకపోతే, వారికి ఏ ప్రభుత్వాన్నీ ప్రశ్నించే అవకాశం ఉండదు. పైగా ఉద్యోగులకు లేని నివాస నియమం కూలీలకు ఎందుకని వారు అడుగుతారు.

వ్యతిరేకించేవారు రెండు అభ్యంతరాలు చెబుతారు. మొదటిది, చట్టాల ఫలితాన్ని అనుభవించేది ఇక్కడ నివసించేవారు. ఆ భారం మోయనివారు ఫలితాన్ని నిర్ణయించడం న్యాయమా? రెండవది, పోలింగు కేంద్రంలో ఉండే గోప్యత కార్మికుల శిబిరంలోని గదిలో ఉంటుందా? అక్కడ యజమాని గాని, తోటివారు గాని ఒత్తిడి చేస్తే కనిపెట్టేదెవరు?

2017లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ప్రాక్సీని, అంటే తరఫున మరొకరు ఓటు వేసే పద్ధతిని ప్రతిపాదించింది. ప్రాక్సీ ఎవరికి ఓటు వేశాడో అసలు ఓటరు తెలుసుకోలేడన్నది దానిపై వచ్చిన విమర్శ. 2018లో లోక్‌సభ ఆమోదించినా, రాజ్యసభ ఆమోదం పొందకుండానే 2019లో అది మురిగిపోయింది. 2020లో ఎన్నికల సంఘం మరో మార్గం సూచించింది: బ్యాలెట్టును ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపడం, ఓటరు దానిని అచ్చుతీసి, ఓటు గుర్తించి తిప్పి పంపడం. సర్వీసు ఓటర్లకు ఈ పద్ధతి అప్పటికే ఉంది. ఇందులో ఓటరే స్వయంగా గుర్తు పెడతాడు. గోప్యతపై అభ్యంతరం మాత్రం మిగిలే ఉంటుంది.

నివాసానికి సంబంధించిన అభ్యంతరానికి బ్రిటన్ చాలాకాలం కాలపరిమితితో జవాబు వెదికింది. 1985లో దేశం విడిచిన అయిదేళ్ల వరకు ఓటు హక్కు ఇచ్చి, తర్వాత దానిని ఇరవై ఏళ్లకు పెంచి, ఆపైన పదిహేనేళ్లకు తగ్గించి, చివరకు 2024 జనవరిలో పరిమితినే ఎత్తివేసింది. ఎన్నేళ్లకు స్వదేశంతో బంధం తెగుతుందో ఏ చట్టమూ కచ్చితంగా చెప్పలేదని ఈ మార్పులు సూచిస్తాయి.

నా అభిప్రాయంలో మన చట్టం మొదటి అభ్యంతరాన్ని 2010లోనే తోసిపుచ్చింది. నివాసం లేకున్నా ఓటు ఉండవచ్చని ఒప్పుకున్నాక, విమాన టిక్కెట్టు కొనగలవాడికే అది అందడం సమర్థనీయం కాదు. ఇక తేలవలసింది గోప్యత ప్రశ్న. జగిత్యాల మేస్త్రీ ఉదాహరణను తీసుకుని, ప్రాక్సీ, తపాలా బ్యాలెట్టు, రాయబార కార్యాలయంలో పోలింగు అనే మూడింటిలో ఏది ఆయన ఓటును రహస్యంగా ఉంచగలదో, దేనికి ఎంత ఖర్చవుతుందో మీరు పోల్చి రాయండి.