కూడితే కుదరని వ్యూస్

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో కింద నడిచేవాళ్ళకి కోచింగ్ సెంటర్ల బోర్డులు కొత్త కాదు. గ్రూప్స్, ఎస్సై, డీఎస్సీ, బ్యాంకు పరీక్షలు, ఏది కావాలంటే అది. ఇప్పుడు ఫీజు కట్టే ముందు పిల్లలు ఆ సెంటరు యూట్యూబ్ ఛానల్ కూడా తెరిచి చూస్తారు. ఛానల్ వివరాల్లో మొత్తం వ్యూస్ రెండు కోట్ల పైచిలుకు అని ఉంటుంది. ఓపికున్నవాడు కిందున్న వీడియోల వ్యూస్ కూడుకుంటూ పోతే కోటీ పది లక్షల దగ్గర ఆగిపోతుంది. వెంటనే వచ్చే అనుమానం ఒక్కటే: కొన్న వ్యూస్ అయ్యుంటాయి.

అయ్యుండొచ్చు. కానీ ఆ అనుమానానికి రాకముందు చూడాల్సినవి ఉన్నాయి. ఈ తేడా యూట్యూబ్‌లో మొదటి రోజుల నుంచీ ఉన్నదే. ఒకసారి అది ప్రపంచంలోని అతి పెద్ద సంగీత కంపెనీల పరువు మీదికి కూడా తెచ్చింది.

2012 డిసెంబరులో యూనివర్సల్ మ్యూజిక్ ఛానల్ మొత్తం వ్యూస్ ఉన్నట్టుండి వంద కోట్లకు పైగా పడిపోయింది. సోనీ ఛానల్‌కి ఎనభై కోట్లకు పైగా పోయాయి. దొంగ వ్యూస్ పట్టుకున్నారని వార్తలు వచ్చాయి, కథ అలాగే ప్రపంచమంతా తిరిగింది. అసలు సంగతి వేరు. ఈ కంపెనీలు కలిసి 2009 డిసెంబరులో వీవో అనే సంగీత వేదికను మొదలుపెట్టాయి. పాటల వీడియోలు క్రమంగా అక్కడికి చేరాయి, పాత ఛానళ్ళలో మిగిలినవి వేళ్ళమీద లెక్కపెట్టేన్ని. వీడియోలు వెళ్ళిపోయినా, వాటిమీద అంతవరకు పోగైన వ్యూస్ మాత్రం పాత ఛానల్ ఖాతాలోనే ఉండిపోయాయి. ఛానల్‌లో లేని వీడియోల వ్యూస్ మొత్తంలో చూపించడం సరికాదని యూట్యూబ్ ఆ నెలలో వాటిని తీసేసింది. పోయినవాటిలో ఎక్కువ భాగం నిజమైన మనుషులు నిజంగా చూసినవే.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది, ఛానల్ మొత్తం అన్నది పేజీ తెరిచినప్పుడల్లా కూడి చెప్పే సంఖ్య కాదు. అది విడిగా నడిచే లెక్క. ఆర్టీసీ కండక్టరు దగ్గర అప్పటిదాకా కోసిన టికెట్ల లెక్క ఒకటి, ఈ క్షణాన బస్సులో ఉన్న తలల లెక్క ఇంకొకటి. రెండూ సరైనవే అయినా సమానం కానక్కర్లేదు. 2012లో యూట్యూబ్ చేసింది, దిగిపోయినవాళ్ళ టికెట్లను లెక్కలోంచి కొట్టేయడం.

విడివిడి వీడియోల లెక్క కూడా మనం అనుకునేంత సూటిగా నడవదు. పాత రోజుల్లో చాలా వీడియోలు 301 వ్యూస్ దగ్గర గంటల తరబడి బిగుసుకుపోవడం గుర్తుండే ఉంటుంది. మొదటి మూడు వందలూ వచ్చినవి వచ్చినట్టు లెక్కించి, ఆపైన మాత్రం అవి మనుషుల వ్యూసా, యంత్రాలవా అని పరిశీలించాకే కలిపేవారు. ఆ పరిశీలన అయ్యేదాకా అంకె కదిలేది కాదు. 2015 ఆగస్టులో ఆ బిగింపు తీసేశారు, పరిశీలన మాత్రం పోలేదు. అందుకే ఇవాళ్టికీ వీడియో అంకె ఒకసారి, ఛానల్ అంకె మరోసారి మారుతుంటాయి. కొన్నిసార్లు వెనక్కి కూడా వస్తాయి. రెండు మూడు రోజుల్లో సర్దుకునే చిన్న తేడా గురించి బెంగ అనవసరం.

పెద్ద తేడా సంగతి వేరు. ఒక ఉదాహరణ తీసుకుందాం, అంకెలు నేను వేసినవి. గ్రూప్స్ చెప్పే ఒక సెంటరు ఛానల్ మొత్తం 2 కోట్ల 30 లక్షలు. వీడియోల ట్యాబ్‌లో కూడితే 1 కోటి 10 లక్షలు. ముందు చేయాల్సిన పని పక్క ట్యాబ్‌లు తెరవడం. 2022 చివర్లో యూట్యూబ్ ఛానల్ పేజీని విడగొట్టి షార్ట్స్‌ని ఒక ట్యాబ్‌లో, లైవ్‌ని ఇంకో ట్యాబ్‌లో పెట్టింది. రోజూ సాయంత్రం లైవ్‌లో కరెంట్ అఫైర్స్ చెప్పే సెంటరుకి సగం బరువు అక్కడే ఉంటుంది. మన ఉదాహరణలో లైవ్ 60 లక్షలు, షార్ట్స్ 25 లక్షలు అనుకుంటే 1 కోటి 95 లక్షలకు వచ్చాం. చాలామంది అనుమానం ఇక్కడే సగానికి పైగా తీరిపోతుంది.

తెరమీద కనిపించేవి రౌండ్ చేసిన సంఖ్యలు కాబట్టి చేత్తో కూడడం కంటే యూట్యూబ్ డేటా ఏపీఐ నయం. కీ ఒకటి తీసుకుంటే చాలు, మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది:

```
https://www.googleapis.com/youtube/v3/channels?part=statistics,contentDetails&id=CHANNEL_ID&key=API_KEY
```

జవాబులో `viewCount` అంటే ఛానల్ మొత్తం. `uploads` అన్న చోట ఉండే జాబితా ఐడీ పట్టుకుని `playlistItems` ద్వారా యాభైకి ఒక పేజీ చొప్పున వీడియోలు తెచ్చుకుని, `videos` ద్వారా ఒక్కోదాని వ్యూస్ అడగాలి. ఆరు వందల వీడియోలకి అటు పన్నెండు, ఇటు పన్నెండు, మొదటిది ఒకటి, వెరసి ఇరవై అయిదు యూనిట్లు. రోజుకి ఇచ్చే ఉచిత కోటా 10,000. మరో సంగతి, ఆ మొదటి జవాబులోనే `videoCount` కూడా ఉంటుంది. అది పబ్లిక్ వీడియోలను మాత్రమే లెక్కిస్తుందని ఏపీఐ పత్రాలు స్పష్టంగా చెబుతాయి, `viewCount` గురించి రాసినచోట మాత్రం ఆ షరతు లేదు. పక్కపక్కనే ఉన్న రెండు గడులకు రెండు కొలతలు.

మిగిలిన 35 లక్షలు బయటివాళ్ళకు అందవు. పరీక్ష అయిపోయాక పాత బ్యాచ్ క్లాసులను చాలా సెంటర్లు అన్‌లిస్టెడ్ చేస్తాయి. లింకు వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్ళు చూడగలరు, ఛానల్‌లో వెతికితే కనపడదు. ఈ సౌకర్యం 2010 నుంచీ ఉంది. ఇందులోనూ ఒక మలుపు ఉంది: 2017కి ముందు అలా పెట్టిన వీడియోలను, యజమాని వద్దనకపోతే, 2021 జూలై 23న యూట్యూబ్ ప్రైవేటుగా మార్చేసింది. యజమాని తన ఖాతాతో లోపలికి వెళ్ళి `privacyStatus` అడిగితే పబ్లిక్, అన్‌లిస్టెడ్, ప్రైవేటు మూడింటినీ విడదీయవచ్చు. అన్‌లిస్టెడ్ వాటి మొత్తం ఆ 35 లక్షలకు దగ్గరగా వస్తే దాగిన చోటు తెలిసినట్టే. రాకపోతే అప్పుడు అనుమానించడంలో తప్పులేదు. బయటివాళ్ళకీ ఒక దారి ఉంది: రోజూ మొత్తం రాసిపెట్టుకుని, ఒక వీడియో మాయమైనరోజు మొత్తం అంతే తగ్గిందా లేదా అని చూడటం.

షార్ట్స్ లెక్క మారడాన్ని కూడా మరవకూడదు. 2025 మార్చి 31 నుంచి షార్ట్ ఆడటం మొదలైనా, మళ్ళీ తిరిగినా అది వ్యూయే, ఇన్ని సెకన్లు చూడాలన్న నియమం లేదు. ఛానల్ మొత్తంలోకీ అదే చేరుతుంది. కాబట్టి ఒకే ఛానల్ మొత్తంలో ఇప్పుడు పాత కొలత వ్యూస్, కొత్త కొలత వ్యూస్ కలిసే ఉన్నాయి, వాటిని ఆ ఒక్క అంకెలోంచి విడదీయలేం.

డబ్బు దగ్గరికి వస్తే యూట్యూబ్ వాడేది మరో లెక్క. ప్రకటనల ఆదాయంలో వాటాకి ఒక దారి వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల పబ్లిక్ వీక్షణం. అన్‌లిస్టెడ్, ప్రైవేటు, డిలీట్ చేసిన వీడియోల గంటలు అందులో చేరవు. స్టూడియోలోని అనలిటిక్స్ మొత్తం మాత్రం డిలీట్ చేసినవాటి వీక్షణ సమయాన్నీ కలుపుకునే చెబుతుంది. అందుకే కొత్తగా ఛానల్ పెట్టిన సెంటరు పాత పేపర్ల విశ్లేషణ వీడియోలను, ఎంత పాతబడినా, పబ్లిక్‌లోనే ఉంచడం లాభసాటి. సిలబస్ మారి పనికిరాని క్లాసు ఇంకా ఛానల్‌లో పైకి కనపడుతోందంటే ఒక్కోసారి కారణం ఇదే.