వై-ఫైకి పూర్తి రూపం ఉందా? బిట్ బ్యాంకుల్లోని ఒక జవాబుపై పరిశీలన

కోఠి, సుల్తాన్ బజార్ పుస్తకాల దుకాణాల్లోనూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కలా దొరికే కంప్యూటర్ బిట్ బ్యాంకుల్లో సంక్షిప్త రూపాల పట్టిక సాధారణంగా ఉంటుంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లు దాన్ని కంఠతా పడతారు. యూఎస్‌బీ అంటే యూనివర్సల్ సీరియల్ బస్, హెచ్‌టీటీపీ అంటే హైపర్‌టెక్స్ట్ ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్, జీపీఎస్ అంటే గ్లోబల్ పొజిషనింగ్ సిస్టమ్, వై-ఫై అంటే వైర్‌లెస్ ఫిడిలిటీ. మొదటి మూడు జవాబులూ సరైనవే. నాలుగోది మాత్రం పేరు పెట్టాక దానికి తగిలించిన వివరణ. ఆ తేడా ఎక్కడ పుట్టిందో చూపడమే ఈ వ్యాసం పని.

ముందుగా కొలబద్ద ఏమిటో చెప్పుకోవాలి. పొడి అక్షరాల పేర్లన్నీ ఒకే జాతివి కావు. చిక్కడపల్లి పక్కనున్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్ పేరులో ఆర్, టీ, సీ అని అక్షరాలను విడివిడిగా పలుకుతాం. పంజగుట్టలోని నిమ్స్‌ను ఎన్, ఐ, ఎం, ఎస్ అనం, ఒకే మాటగా పలుకుతాం. భాషాశాస్త్రంలో ఖచ్చితంగా మాట్లాడేవారు రెండో రకాన్నే అక్రోనిమ్ అంటారు, మొదటిది ఇనీషియలిజం. ఉచ్చారణ ఎలా ఉన్నా రెండింటికీ ఒక లక్షణం ఉమ్మడిగా ఉంది: పొడుగు పేరు ముందు పుట్టింది, పొట్టిది దానిలోంచి వచ్చింది. కాబట్టి ఏ పేరునైనా పరీక్షించేటప్పుడు విస్తరణ అర్థవంతంగా ఉందా అని కాక, ఏది ముందు పుట్టిందని అడగాలి.

వై-ఫై విషయంలో ఆ జవాబు స్పష్టంగానే దొరుకుతుంది. తీగ లేకుండా కంప్యూటర్లను కలిపే ప్రమాణాన్ని ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ 1997లో 802.11 అనే సంఖ్యతో వెలువరించింది. దానికి 1999లో వచ్చిన వేగవంతమైన రూపం 802.11బి. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదానితో ఒకటి పనిచేస్తాయని పరీక్షించి ముద్ర వేయడానికి అదే ఏడాది వైర్‌లెస్ ఈథర్‌నెట్ కంపాటిబిలిటీ అలయన్స్ అనే కూటమి ఏర్పడింది. పెట్టె మీద '802.11బి డైరెక్ట్ సీక్వెన్స్' అని వేస్తే కొనేవాడికి ఏమీ తెలియదు. అందుకని ఆ కూటమి ఇంటర్‌బ్రాండ్ అనే నామకరణ సంస్థను పెట్టుకుంది. ఆ సంస్థ సూచించిన పేర్లలోంచి ఎంచుకున్నదే వై-ఫై. కూటమి వ్యవస్థాపక సభ్యుల్లో ఒకరైన ఫిల్ బెలాంజర్ 2005లో ఈ సంగతి బహిరంగంగా రాశారు: వై-ఫై దేనికీ సంక్షిప్త రూపం కాదు, దానికి అర్థమంటూ లేదు.

మరి ఫిడిలిటీ ఎక్కడి నుంచి వచ్చింది? బెలాంజర్ చెప్పిన ప్రకారం, అక్షరార్థం లేని పేరు కూటమిలో కొందరికి మింగుడుపడలేదు. వారిని ఒప్పించడానికి పేరు కింద 'వైర్‌లెస్ ఫిడిలిటీకి ప్రమాణం' అనే నినాదం చేర్చారు. కొంతకాలానికి అది పొరపాటని గ్రహించి తీసేశారు. 2002లో కూటమి తన పేరునే వై-ఫై అలయన్స్‌గా మార్చుకుంది. నినాదం పోయినా, అది తిరిగిన రోజుల్లో పత్రికలు, పాఠ్యపుస్తకాలు దాన్ని పూర్తి రూపంగా పట్టుకున్నాయి. మన పట్టికల్లో ఇవాళ్టికీ ఉన్నది ఆ నినాదమే.

లోపలి సాక్ష్యం కూడా ఇదే చెబుతుంది. ఫిడిలిటీ అనేది ధ్వని యంత్రాల మాట. పాట స్టూడియోలో ఎలా ఉందో స్పీకరులోనూ అలాగే వినిపిస్తే అది హై ఫిడిలిటీ, కుదిస్తే హై-ఫై. (తెలుగులో 'హైఫై' ఆడంబరానికి విశేషణంగా స్థిరపడింది, అది వేరే కథ.) వైర్‌లెస్ నెట్‌వర్క్‌లో వేగాన్ని, సంకేత బలాన్ని, జారిపోయిన ప్యాకెట్లను కొలుస్తారు. ఫిడిలిటీ అనే కొలత అక్కడ లేదు. పాత మాటకు ప్రాస కుదిరిందని పేరు పెట్టారు, ఆ ప్రాసను బట్టి వెనక్కి వెళ్లి అర్థం అతికించారు. పోటీ పరీక్షల అభ్యర్థికి ఇందులో చిక్కుంది. ఎంపికల్లో వైర్‌లెస్ ఫిడిలిటీతో పాటు 'పైవేవీ కావు' కూడా ఉంటే నిజమైన జవాబు రెండోది. ప్రాథమిక కీ ఇంకోలా వస్తే అభ్యంతరం పెట్టేటప్పుడు, పేరు పుట్టిన క్రమమే వాదనకు ఆధారం కావాలి.

యూఎస్‌బీకి ఈ గందరగోళం లేదు. 1996 జనవరిలో వచ్చిన మొదటి నిర్దేశ పత్రం శీర్షికలోనే పూర్తి పేరుంది. కోఠి గుజరాతీ గల్లీలో కేబుల్ డబ్బా మీద కనిపించే చిహ్నం మాత్రం సొంతదారున్న వ్యాపార ముద్ర, వాడాలంటే అనుమతి కావాలి. అంటే పేరు పొడి అక్షరాలదే, గుర్తు బ్రాండుది. ఈ రెండూ ఒకే వస్తువు మీద ఉండవచ్చు.

హెచ్‌టీటీపీకి వ్యాపార ముద్ర ఊసే లేదు. సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్‌ను రూపొందించినప్పుడు పుట్టిన ఈ పేరు, బ్రౌజరు పంపే సందేశంలోనే భాగం:

```
GET /index.html HTTP/1.1
Host: example.com
```

మొదటి వరుస చివర ఆ నాలుగక్షరాలూ లేకపోతే సర్వరు దాన్ని ఈ రూపంలోని విన్నపంగా గుర్తించదు. ఇక్కడ పేరు పనిముట్టు కూడా. మూడు పదాలకు నాలుగక్షరాలు ఎలా వచ్చాయన్న సందేహం సహజమే. హైపర్‌టెక్స్ట్‌ను ఒకే మాటగా రాసినా అందులోంచి హెచ్, టీ రెండూ తీసుకున్నారు. పట్టికల్లో దొర్లే తప్పు మధ్య మాట దగ్గర వస్తుంది, 'ట్రాన్స్‌ఫర్'ను 'ట్రాన్స్‌మిషన్' చేస్తారు.

జీపీఎస్ చిక్కు వేరు. విస్తరణ నిజమే కానీ, ఆ పేరు అమెరికా ప్రభుత్వం నడిపే ఒక్క ఉపగ్రహ వ్యవస్థకే చెందింది. మనం ఫోన్‌లో దారి చూపించే ప్రతిదాన్నీ జీపీఎస్ అంటాం. రిసీవరు మాత్రం తేడా మరచిపోదు. అది పంపే వాక్యం `$GPGGA` అని మొదలైతే లెక్క జీపీఎస్ ఉపగ్రహాలది, `$GNGGA` అని మొదలైతే ఒకటికి మించిన వ్యవస్థలను కలిపి కట్టింది. మొత్తం జాతికి వాడే సాంకేతిక నామం జీఎన్‌ఎస్‌ఎస్.

మన వ్యవస్థ పేరు ఈ వర్గీకరణకు మంచి పరీక్ష. 2016 ఏప్రిల్ 28న శ్రీహరికోట నుంచి ఏడో ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1జీ వెళ్లిన రోజున ప్రధాని ఆ వ్యవస్థను నావిక్‌గా ప్రకటించారు. అంతకుముందున్న పేరు విడి అక్షరాలతో పలికే ఇనీషియలిజం. నావిక్ విస్తరణ నావిగేషన్ విత్ ఇండియన్ కాన్‌స్టెలేషన్. ఇందులో 'విత్'ను వదిలేశారు, మొదటి పదం నుంచి మూడక్షరాలు తీసుకున్నారు. మాట నావికుణ్ని గుర్తుచేయాలని ముక్కలు ఏరుకున్నట్టు చూడగానే తెలుస్తుంది. విమానాల కోసం ఇస్రో, విమానాశ్రయాల సంస్థ కలిసి నిర్మించిన గగన్ ఇంకా పకడ్బందీగా ఉంది: జీపీఎస్ ఎయిడెడ్ జియో ఆగ్మెంటెడ్ నావిగేషన్. అయిదు పదాలు, అయిదు మొదటి అక్షరాలు, ఒకే మాటగా ఉచ్చారణ. కఠిన నిర్వచనానికి పూర్తిగా సరిపోయే అక్రోనిమ్ ఇదే, పైగా దాని మొదటి అక్షరం వెనుక జీపీఎస్ అనే మరో పొట్టి పేరు ఉంది.