కిరాయి, వాటా కిరాయి

తెలంగాణలో అద్దెను కిరాయి అంటారు. అరబీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బజార్లలో మడిగె కిరాయి అంటే మామూలుగా నెలకింత అని ఖాయం చేసుకున్న మొత్తమే. గిరాకీతో దానికి పని లేదు. పంటలో పాలు పంచుకునే పద్ధతి పొలాలకే తెలుసు.

నగరాల మాల్స్‌లో మాత్రం ఆ పాలు దుకాణానికీ వచ్చింది. కనీస కిరాయి రూ.50,000, అమ్మకాల్లో వాటా 8 శాతం అనుకుందాం. నెల అమ్మకాలు రూ.6,25,000 దాటేదాకా అదనం ఉండదు, ఎందుకంటే అందులో 8 శాతం సరిగ్గా 50,000. అమ్మకాలు 8 లక్షలైతే, పైనున్న 1,75,000 మీద 14,000 కలిసి కిరాయి 64,000 అవుతుంది.

పేచీ అంతా ‘అమ్మకం’ దగ్గరే. జీఎస్టీ, వాపసు వచ్చిన సరుకు తీసేయాలా, ఆన్‌లైన్ ఆర్డర్లు కలపాలా అన్నది ఒప్పందంలో రాసుకోకపోతే లెక్క తెగదు.