మైక్రోవేవ్‌లో పాలు వేడిచేయడం

మైక్రోవేవ్ ఓవెన్‌లో పాలు, పసిపిల్లల పాలసీసాలు వేడిచేసే పద్ధతి. ఇందులో వేడి అంతటా సమానంగా చేరదు. ఓవెన్ తరంగాలు (సుమారు 2,450 మెగాహెర్ట్జ్) పాలలోకి కొద్ది సెంటీమీటర్లే బలంగా చొచ్చుకుపోతాయి. అవి ఓవెన్‌లో కొన్నిచోట్ల ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా ఉంటాయి. వేడెక్కిన పాలు తేలికై పైకి చేరతాయి. అందుకే నిలబెట్టిన సీసాలో అడుగు పాలు గోరువెచ్చగా ఉన్నా, పై పాలు నోరు కాల్చేంత వేడిగా ఉండవచ్చు. సీసా గోడ పాలంత వేడెక్కదు కనుక పైనుంచి తాకి చూస్తే ఈ తేడా తెలియదు.

పొంగడం: పాలపై ప్రొటీన్లు, కొవ్వుతో ఏర్పడే మీగడ పొర ఆవిరిని అడ్డుకుంటుంది. నున్నని గిన్నెలో బుడగలు పుట్టకుండానే పాలు మరిగే ఉష్ణోగ్రతను దాటవచ్చు. అప్పుడు గిన్నె కదిపినా, చెంచా వేసినా ఒక్కసారిగా ఎగసిపడతాయి.

జాగ్రత్తలు: పెద్దలు తాగే పాలను వెడల్పు గిన్నెలో సగం వరకే పోసి, మధ్యమధ్య ఆపి కలపాలి; అయ్యాక నిమిషం ఆగి తీయాలి. పసిపిల్లల సీసాకు మైక్రోవేవ్ వాడకూడదు. దాన్ని వేడినీళ్ల గిన్నెలో ఉంచి, తీశాక మెల్లగా తిప్పి, మణికట్టుపై చుక్క వేసి చూడాలి.